రాణి వేషం కట్టే ఫైర్‌మన్

ఒక మనిషిని నలుగురూ ఇష్టపడి, ఆ ఇష్టంతోనే అతన్ని ఉన్నచోటు నుంచి కదలనివ్వకపోతే, ఆ నలుగురినీ ఏమనాలి? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. భీమారావు సంగతి మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తే ఎక్కడైనా తగులుతుందేమో, చూద్దాం.

భీమారావు రాయపూర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు విసరడం, ఆవిరి పడిపోకుండా మంటను చూసుకోవడం అతని పని. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి లైను పని వెంట వచ్చి షెడ్డు దగ్గరి గుఢియారి వాడలో కాపరం పెట్టాడు. నాన్న పోయాక తల్లి దాలమ్మ, భార్య గంగాభవాని, తను. ఇంట్లో తెలుగు, షెడ్డులో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. ఇదంతా ఆ వాడలో అందరికీ ఉన్నదే. భీమారావుకు మాత్రమే ఉన్నది గొంతు.

ఏటా దసరాకు అక్కడి తెలుగు రైల్వేవాళ్లు తమ క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్ హాల్లో పురాణ నాటకం ఆడేవారు. ఆ రోజుల్లో ఆడవేషాలూ మగవాళ్లే కట్టాలి. రాణి వేషం భీమారావుది. పొద్దంతా బొగ్గు విసిరిన చేతుల్ని కుంకుడు నురుగుతో తోమి, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు కనిపించకుండా మోచేతుల దాకా గాజులు వేసుకుని, అతను తెర వెనకనుంచి పద్యం ఎత్తుకునేసరికి హాల్లో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. బిలాస్‌పూర్ నుంచీ భాటాపారా నుంచీ జనం రైల్వే పాసుల మీద వచ్చి చూసేవారు. పద్యం అయిపోయాక "వన్స్ మోర్" అని అరిచేవాళ్లలో తెలుగు ముక్క రాని బెంగాలీ గార్డులు కూడా ఉండేవారు.

ఈ నాటక సమాజానికి కార్యదర్శి బంగారయ్య. షెడ్డు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఎవరి సెలవైనా, ఎవరి బదిలీ అయినా ఆయన బల్ల మీదుగా పోవలసిందే. వాడలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మావే. భీమారావు తండ్రి లైను మీద పోయినప్పుడు అక్కడికి వెళ్లి పాడె పట్టినవాడు, పెళ్లికి పెద్దరికం చేసినవాడు. భీమారావుకు ఆయన మాట మీద ఎదురు చెప్పాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు.

అలాంటివాడికి ఇరవై ఎనిమిదో ఏట, వర్షాలు వెనకబట్టిన రోజుల్లో, గుండెల్లో ఒక ముల్లు దిగింది.

అతనితోబాటు ఒకే రోజున ఇంజన్లు తుడిచే క్లీనరుగా చేరిన నూకరాజు మూడేళ్ల కిందట షంటరై టిట్లాగఢ్ వెళ్లాడు. షంటరంటే ఫైర్‌మన్ పైమెట్టు, యార్డులో బళ్లను అటూ ఇటూ మార్చే ఇంజను అతని చేతిలోనే ఉంటుంది. ఆ పైది డ్రైవరు. ఇప్పుడు నూకరాజు గూడ్సు డ్రైవరై రాయపూర్ తిరిగి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు వాడంతటికీ మిఠాయి పంచాడు. వాళ్లిద్దరితో రైల్వే బళ్లో చదివిన రామమూర్తి అప్పటికే భాటాపారాలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. తెల్లకోటు, టోపీ. భీమారావు ఇంకా పారతోనే ఉన్నాడు.

కుళాయి దగ్గర పొరుగింటి పైడమ్మ ఊరుకోలేదు. "ఏటే గంగా, మీ ఆయనకి తరక్కీ ఎప్పుడే? ఏడాదికోపాలి రాణీ అవుతాడు గానీ, డ్రైవరవ్వడేటి?"

"రాణీకి డ్రైవరుగిరీ దేనికొదినా? బండి ఆమె కాడికే వస్తాది," అంది గంగాభవాని బిందె ఎత్తుకుంటూ. అక్కడ నవ్వేసింది గానీ ఇంటికొచ్చి ఆ మాట దాచలేకపోయింది.

ఆ వారమంతా భీమారావు పైకి మామూలుగానే ఉన్నాడు. లోపల మాత్రం ఎవణ్ని చూసినా వాడి వయసెంత, వాడెక్కడున్నాడు అనే లెక్క మొదలయ్యేది. గోల్‌బజారులో బట్టల కొట్టు పెట్టిన మార్వాడీ కుర్రాడు తనకంటే చిన్నవాడు. కొత్తగా వచ్చిన డాక్టరుదీ తన ఈడే. ఫలానా సాహెబు ఇరవై ఎనిమిదికే ఇన్‌స్పెక్టరట. ప్రతివాడి పక్కనా తనను నిలబెట్టుకుని ప్రతిసారీ ఓడిపోయేవాడు. తనలోనే ఏదో లోటు ఉందనుకున్నాడు. మట్టిబుర్ర అనుకున్నాడు. పద్యం పాడేవాడికి ఇంజను అబ్బదేమో అనుకున్నాడు.

ఒక ఉదయం డ్యూటీ దిగి, మొహం మీది మసి కూడా కడుక్కోకుండా ఫోర్‌మన్ గదికి వెళ్లాడు. ఫోర్‌మన్ పెద్దవయసు బెంగాలీ, మాట కటువు, మనసు సాపు.

"సాహెబ్, నా పనిలో తప్పేమైనా ఉందా? నాతో చేరినవాళ్లంతా ముందుకెళ్లిపోయారు," అని హిందీలో అడిగాడు భీమారావు.

ఫోర్‌మన్ కళ్లజోడు పైకెత్తి చూశాడు. "తప్పా? పరీక్షలో ఫస్టుగా పాసైంది నువ్వే కదా. టిట్లాగఢ్ పంపితే వద్దన్నావు. మరుసటేడు డోంగర్‌గఢ్ ఇస్తే మళ్లీ వద్దన్నావు. దో బార్ మనా కియా. ఇప్పుడొచ్చి నన్నడుగుతావా?"

భీమారావు జ్ఞాపకం చేసుకున్నాడు. టిట్లాగఢ్ వద్దన్నది తనే, నిజం. అప్పుడు బంగారయ్య మావ భుజం మీద చెయ్యి వేసి, "ఆ జొరాల అడవిలోకి ఎందుకురా? కొద్దిరోజుల్లో ఇక్కడే షంటరు ఖాళీ పడుతుంది, అది నీదే, నా మాట," అన్నాడు. ఇష్టం లేదని రాసిన కాగితం మీద తను సంతకం పెట్టాడు. డోంగర్‌గఢ్ మాట మాత్రం ఈ రోజు దాకా అతని చెవిన పడలేదు.

"రెండోసారి నేను చెప్పలేదు సాహెబ్," అన్నాడు మెల్లగా.

"నీ హెడ్ క్లర్కు వచ్చి చెప్పాడు. ఇంట్లో తల్లికి బాగాలేదు, వెళ్లలేనంటున్నాడు అన్నాడు. నేను కాదంటానా?" ఫోర్‌మన్ అతని మొహం చూసి గొంతు తగ్గించాడు. "విను. టిట్లాగఢ్‌లో మళ్లీ ఒక ఖాళీ ఉంది. నీ పేరే వచ్చింది. విజయదశమి పొద్దుటికి అక్కడ హాజరు కావాలి. కాకపోతే నీ తరవాతివాడు వెళతాడు. ఈసారి జవాబు నీ నోటితో నాకే చెప్పు."

నాటకం మహానవమి సాయంత్రం. టిట్లాగఢ్ మీదుగా వాల్తేరు వెళ్లే పాసింజరు అదే సాయంత్రం దీపాలవేళకు బయల్దేరుతుంది. అది తప్పితే దశమి పొద్దుటికి అందుకునే బండి లేదు.

అతను ఆలోచించుకుని చెబుతానని బయటికి వచ్చాడు. కాళ్లు వాటంతటవే గుఢియారి గేటు పక్క టీ దుకాణం వైపు నడిచాయి. అక్కడ నూకరాజు బెంచీ మీద కూర్చుని సాసరులో టీ ఊదుకుంటున్నాడు.

"రారా, రాణీగారూ. మొగమేటి అలగుంది? పొయ్యి ఆరిపోనాదా?"

భీమారావు కూర్చుని అంతా చెప్పాడు. నూకరాజు నవ్వు ఆగిపోయింది. సాసరు కింద పెట్టాడు.

"అయితే నాను ఎనకబడ్డానంటే అదేటి, నా తప్పు కాదన్నమాట," అన్నాడు భీమారావు.

"ఎంత ఎనకబడ్డావేటి నువ్వు? లెక్క కట్టావా?"

"కట్టేదేటుంది? రామ్మూర్తి తెల్లకోటేసుకుని తిరుగుతున్నాడు. నువ్వు డ్రైవరువి. నాకు ఇరవయ్యెనిమిదొచ్చీసినాయి."

"ఈడు పట్టుకుని కొలుస్తావేట్రా? రైల్వేలో ఈడుతో పనేటుంది? ఎప్పుడు చేరినావు, ఏ నిచ్చిన ఎక్కినావు, అదీ చూడాల. రామ్మూర్తి మెట్రిక్ పాసై వేరే దారిని ఎల్లాడు. ఆడిది మొదటి మెట్టే ఎత్తు. ఆ పైన స్టేషన్ మాస్టరవ్వాలంటే ఎన్నేళ్లు పడతాదో ఆడికే తెలవదు, నన్నే అడిగి ఏడ్చాడు మొన్న. ఆడి కోటుతో నీ పారని కొలిస్తే ఎలగ? డాక్టరుతోనా కొలుస్తున్నావు? కొలిచే ఉంటావు, నీ మొగం చూస్తే తెలుస్తంది."

భీమారావు తల దించుకుని టీ గ్లాసు అందుకున్నాడు.

"మనతో ఆ యేడు ఈ షెడ్డులో చేరినోళ్లని చూడు. మన కుర్రోళ్లు పదిమందికి పైనే. అందులో డ్రైవరైంది నానొక్కణ్నే. షంటర్లు ముగ్గురు. మిగతాళ్లంతా నీలాగే పార పట్టుకునే ఉన్నారు. ముందర మన పెద్దలకి ఫైర్‌మన్ నించి డ్రైవరవ్వడానికి జుట్టు నెరిసిపోయేది. మనకి తొరగా దొరికిందంటే, దేశం ఇడిపోయినప్పుడు కొందరు పాకిస్తాన్ ఎల్లిపోయారు, దొరలు మూటా ముల్లే సర్దేసారు. కుర్చీలు ఖాళీ అయినాయి. నా తెలివి కాదురా అది. నిజం చెప్తే నవ్వుతావు, మొదటిసారి రూల్సు పరీచ్చలో నాను ఫెయిలు. ఎవుడికీ చెప్పనేదు. నువ్వు ఒక్కదెబ్బకి పాసైనావు."

"నిజంగానా?"

"పైడితల్లి మీద ఒట్టు. మరీ ఇంకోటి. టిట్లాగఢ్‌లో నాను మూడేళ్లు ఉన్నానని మిఠాయి తిన్నోళ్లందరికీ తెలుసు. అందులో ఎన్ని వారాలు జొరంతో మంచమ్మీదున్నానో, నా పెళ్లాం పుట్టింట్లో ఎంతకాలం ఉండిపోయిందో ఎవురికి తెలుసు? నీకు నా తరక్కీ అగుపడింది గానీ దాని ఖరీదు అగుపడనేదు."

అతను నేలమీద వేలితో ఒక గీత గీసి దాని మీద మెట్లు వేశాడు. "ఇదిగో. పనిలో నువ్వు ఎనక నేవు. పరీచ్చలో ఎనక నేవు. ఒక్క మెట్టు, అదీ నిన్ను ఎక్కమన్నప్పుడు ఎక్కనేదు కాబట్టి. ఒకసారి వద్దంటే ఏడాది దాకా పిలవరు. అది నీకు తెలుసు. నీకు తెలవంది ఏటంటే, నీ కంటే ముందెల్లి చేరినోడు ఎప్పటికీ నీకు సీనియరే. ఆ ముగ్గురూ ఇక నీకు పైనే ఉంటారు. ఆ పాటి నష్టం పోదు, అబద్దమాడను. మెయిలు డ్రైవరుగా రిటైరవ్వాల్సినోడివి పాసింజరు డ్రైవరుగా రిటైరవుతావేమో. కానీ యాభయ్యైదు దాకా సర్వీసుంది. అరేయ్, సగం కూడా అవనేదు!"

భీమారావు ఆ గీత వైపు చూశాడు. తను కొలుచుకున్న కొండంత దూరం నేలమీద ఒక్క మెట్టంత అయింది. ఆ మెట్టు మీద మొదటి తప్పు తనది: అడగకుండా, ఆలోచించకుండా సంతకం పెట్టాడు. రెండోది తనది కాదు. దూరం చిన్నదయ్యేకొద్దీ దానికి కారణమైన మనుషులు మరింత స్పష్టంగా కనిపించసాగారు. మట్టిబుర్ర అనుకుని తనను తాను తిట్టుకున్నంతసేపూ ఇంకెవరి మీదా కోపం రాలేదు. ఇప్పుడు తిట్టుకోవడానికి తను మిగల్లేదు.

"నీకు ఈ డోంగర్‌గఢ్ సంగతి ముందే తెలుసా?" అని అడిగాడు.

నూకరాజు చూపు గేటు వైపు తిప్పాడు. గేటు దగ్గర ఎద్దుబళ్లు తప్ప ఏమీ లేవు.

"సెప్పు."

"నాటకం వోళ్లందరికీ తెలుసురా. నాను టిట్లాగఢ్‌లో ఉండగానే తెలిసింది. నీకూ తెలిసే ఉంటాదనుకున్నాను." ఆ తరవాత తనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. టిట్లాగఢ్ నువ్వు ఎల్లకపోబట్టే నాకు ముందు దొరికింది. అందుకే నోరిప్పనేదు."

భీమారావు టీకి అణా పెట్టి లేచిపోయాడు.

ఆ సాయంత్రం రిహార్సలు. ఇన్‌స్టిట్యూట్ హాల్లో హార్మోనియం శ్రుతి చూస్తున్నారు. బంగారయ్య పంచె ఎగ్గట్టి, మంత్రి వేషగాడికి నడక నేర్పుతున్నాడు. భీమారావును చూడగానే మొహం వెలిగింది.

"రారా నాయనా. రాణి లేక సభ బోసిపోయింది."

"మావా, డోంగర్‌గఢ్ వద్దని నా పేరు చెప్పి నువ్వే అన్నావా?"

హార్మోనియం ఆగింది. బంగారయ్య తడబడలేదు. పక్కకు పిలవనూ లేదు. అందరి ముందే కూర్చోబెట్టి, బెల్లం పెట్టి బుజ్జగించే గొంతుతో మొదలుపెట్టాడు. "అన్నానురా. ఏం, చెడు చేశానా? చూడు, రైల్వేలో షంటర్లు ఎంతమందైనా దొరుకుతారు. ఈ పద్యం పాడేవాడు ఈ లైను మొత్తానికి నువ్వొక్కడివే. నువ్వు అడవికి పోతే ఈ హాలుకు తాళం వేసుకోవాలి. పరాయి ఊళ్లో మనకు మిగిలింది ఇదొక్కటే కదా."

"ఇక్కడ ఖాళీ వస్తే నాదేనన్నావు."

"వస్తుందిరా. వచ్చినప్పుడు చూద్దాం."

"వచ్చింది మావా. నూకరాజు తిరిగి రాకముందే ఇక్కడి షంటరు పని ఇంకొకడికిచ్చారు. నీ బల్ల మీద నుంచే పోయి ఉంటాది."

ఎవరో దగ్గారు. మంత్రి వేషగాడు గడ్డం సరిచేసుకున్నాడు. ఆ గదిలో ఉన్న ప్రతివాడూ భీమారావు కంచంలో తిన్నవాడే, ప్రతివాడి ఇంట్లోనూ అతను తిన్నాడు. ఒక్కడూ తలెత్తి చూడలేదు.

"నీకు చెప్పకుండా చేశానంటావు. మీ అమ్మను అడిగే చేశాను," అన్నాడు బంగారయ్య. "దాలమ్మొదిన సరేనంది. కావాలంటే కనుక్కో. ఈ నాటకం కానివ్వు. అయ్యాక నేనే ఫోర్‌మన్‌తో మాట్లాడి నిన్ను బండెక్కిస్తాను. కొత్త జరీ చీర కూడా తెప్పించానురా నీకు, నాగపూర్ నుంచి."

భీమారావు ఆ రోజు రిహార్సల్లో పద్యాలన్నీ పాడాడు. ఎందుకు పాడాడో నేను చెప్పలేను. అతను ఎప్పటికంటే బాగా పాడాడని అక్కడున్నవాళ్లు తరవాత చాలాకాలం చెప్పుకునేవారు. గొడవ సద్దుమణిగిందనుకుని అందరూ మళ్లీ పనిలో పడ్డారు.

ఇంటికి వచ్చేసరికి దాలమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అమ్మా, డోంగర్‌గఢ్ పంపొద్దని బంగారయ్య మావతో అన్నావా?"

ఆమె చేట ఆపలేదు. "అన్నాను. మీ నానని లైనే తినీసింది. ఎక్కడో తెలవని వూర్లో కబురందేసరికి మట్టి కూడా చూడనేదు నాను. నువ్వు కళ్లముందర ఉంటే చాలనుకున్నాను. ఫైర్‌మన్ అయితే ఏటి, అన్నం పుట్టట్నేదేటి?"

"నన్నడగొచ్చు కదా."

"అడిగితే ఎల్తానంటావు."

ఆ మాటలో అబద్ధం లేదు. అతను కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు. లోపల గంగాభవాని పొయ్యి దగ్గర కూర్చుని అంతా వింది. అన్నం పెడుతూ గొంతు తగ్గించి, "నాను చెప్తే ఇంటారా?" అంది.

"సెప్పు."

"పైడమ్మొదిన మాటకి ఉడుక్కుని ఎల్తానంటే వద్దు. నూకరాజు బావని దాటాలని ఎల్తానన్నా వద్దు. అక్కడ జొరాలూ ఉంటాయి, ఇల్లూ ఉండదు. అవన్నీ ఉన్నా ఆ పని మీకు కావాలా, అదొక్కటీ చెప్పండి."

అతనికి పరీక్ష రోజు గుర్తుకొచ్చింది. షంటింగు ఇంజనులో ఆవిరిని వదిలే రెగ్యులేటరు మీద చెయ్యి వేసి, వెనక కట్టిన బళ్ల బరువును ఆ చేతిలోనే తెలుసుకోవడం. ఆ రోజున ఇన్‌స్పెక్టరు ఇంజనును కాసేపు అతని చేతికి వదిలాడు. ఆ కాసేపట్లో అతనికి తన వయసు గుర్తు లేదు, నూకరాజు గుర్తు లేడు.

"కావాలి," అన్నాడు.

మర్నాడు ఫోర్‌మన్ గదికి వెళ్లి తన నోటితోనే చెప్పాడు. తనను వదిలిపెట్టే కాగితం హెడ్ క్లర్కు బల్ల మీదకు వెళ్లకుండా ఇప్పించమని అడిగాడు. ఫోర్‌మన్ ఎందుకని అడగలేదు. అక్కడే నిలబెట్టి తన చేత్తో రాసిచ్చాడు.

ఆ తరవాతి రోజులన్నీ అతను రిహార్సళ్లకు వెళుతూనే ఉన్నాడు. వెళుతున్నానని చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. బంగారయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, అమ్మ అన్నం మానేస్తుంది, హార్మోనిస్టు కాళ్లు పట్టుకుంటాడు. తను కరిగిపోతాడు. వాళ్లు చెప్పకుండా చేశారు కాబట్టి తనూ చెప్పకుండానే చేస్తే అది వాళ్లు చేసినదే కాదా అని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఔననే తోచింది. అయినా చెప్పలేదు.

మహానవమి నాడు దాలమ్మ పెందరాళే హాలుకు వెళ్లిపోయింది. కొడుకు కట్టే వేషం ముందు వరసలో కూర్చుని చూడాలని చాప కూడా చంకలో పెట్టుకుంది. "రాణీగోరు ఆలస్యం సెయ్యకండి," అని నవ్వుతూ వెళ్లింది. భీమారావు రేకు పెట్టె, కంబళి సర్దుకున్నాడు. గంగాభవాని రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. క్వార్టరు దొరికాక ఆమె వస్తుంది.

"అత్తకి ఏటి సెప్పమంటారు?" అంది.

అతను పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. గడప దాటాడు.

ప్లాట్‌ఫారం మీద పండగ జనం. వాల్తేరు పాసింజరు నిండుగా ఉంది. అతను లోపలికెక్కి పెట్టె మీదే కూర్చున్నాడు. పట్టాలకు అవతల ఇన్‌స్టిట్యూట్ హాల్లో పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. కుర్రాళ్లు గోడల మీదకెక్కారు. ఈపాటికి బంగారయ్య వేషాల గదిలో జరీ చీర మడత విప్పుకుని, తలుపు వైపు చూస్తూ ఉంటాడు. హార్మోనియం మీద తొలిరాగం వినిపించింది, ఆగింది, మళ్లీ మొదటినుంచి వాయించారు. రాణి ఇంకా రాలేదని ఆలస్యం చేస్తున్నారన్నమాట.

గార్డు పచ్చదీపం ఊపాడు. డ్రైవరు బండిని ఒక్క కుదుపు లేకుండా కదిలించాడు. మంచి చెయ్యి అనుకున్నాడు భీమారావు. హాలు కనిపించే వైపు కిటికీ దగ్గర చోటు ఖాళీ అయితే, పక్కన నిలబడ్డ ముసలావిడను అందులో కూర్చోమని, తను పెట్టె జరుపుకుని అవతలి వైపుకు తిరిగి కూర్చున్నాడు.